షేర్ బాకీ నోటీసు: ఓటు ఎవరికి పోతుంది, ఎప్పుడు పోతుంది?

ఉద్యోగుల పొదుపు, పరపతి సహకార సంఘాల ఆఫీసుల్లో మహాసభ దగ్గర పడే రోజుల్లో నోటీసు బోర్డు మీద ఇలాంటి కాగితం ఒకటి వేలాడుతుంది:

“ఇందుమూలముగా సభ్యులందరికీ తెలియజేయునది ఏమనగా, నెలవారీ వాటాధనము చెల్లించని సభ్యులు తమ బకాయిలను తక్షణమే పూర్తిగా చెల్లించవలెను. లేనియెడల బైలాల ప్రకారము ఓటు హక్కుతో సహా సభ్యత్వము రద్దు చేయబడును. తదుపరి సంఘము బాధ్యత వహించదు.”

దాని కింద సభ్యుల పేర్లు, పేరు పక్కన ఒక అంకె, అట్టడుగున కార్యదర్శి సంతకం. చదివినవాళ్లలో కొందరు భయపడతారు, కొందరు చిరాకు పడతారు, ఎక్కువమంది ‘ప్రతి ఏడాదీ ఉండేదేలే’ అనుకుని వెళ్లిపోతారు. తీరా మహాసభ రోజున తలుపు దగ్గర జాబితా పట్టుకున్న గుమస్తా ‘మీ పేరు లేదండీ’ అన్నప్పుడు గొడవ మొదలవుతుంది.

గొడవకు కారణం సభ్యుల బద్ధకమని పాలకవర్గమూ, పాలకవర్గం కుట్ర అని సభ్యులూ అంటారు. చాలాసార్లు అసలు కారణం ఆ మూడు వాక్యాల్లోనే ఉంటుంది. ఏ డబ్బు బాకీయో అందులో లేదు. ఏ తేదీ నాటి లెక్కో లేదు. ‘తక్షణమే’ అంటే ఏ రోజో లేదు. ‘బైలాల ప్రకారం’ అంటే ఎన్నో బైలానో లేదు. పైగా ఓటుకు సంబంధించిన మాటను సభ్యత్వం రద్దుతో కలిపేశారు. ఈ రెండూ వేర్వేరు విషయాలు, వాటి పద్ధతులూ వేరు. ఇలాంటి నోటీసును ఎలా సరిచేయవచ్చో ఒక ఊహా సంఘాన్ని ముందు పెట్టుకుని చూద్దాం. అంకెలూ బైలా నంబర్లూ ఉదాహరణకే. తప్పులు మాత్రం ఏ సంఘంలోనైనా జరిగేవే.

ఒకే కోత, మూడు ఖాతాలు

మన ఊహా సంఘంలో సభ్యులు టీచర్లు. ప్రతి నెలా జీతంలోంచి సంఘానికి రూ. 2,850 కోత పడుతుందనుకుందాం. సభ్యుల దృష్టిలో అది ‘సొసైటీ కటింగ్’, అంతే. సంఘం పుస్తకాల్లో మాత్రం అది మూడు ఖాతాలకు వెళుతుంది. రూ. 300 షేర్, రూ. 500 పొదుపు, రూ. 2,050 అప్పు కిస్తీ.

ఈ మూడింటి స్వభావం వేరు. షేర్ డబ్బు సంఘం మూలధనంలో సభ్యుల వాటా. సంఘానికి లాభం వచ్చి, మహాసభ ఒప్పుకుంటే దాని మీద డివిడెండు వస్తుంది. నష్టం వస్తే దాని మీదా పడుతుంది. పొదుపు అనేది సంఘం దగ్గర దాచుకున్న సొమ్ము, దానికి వడ్డీ ఉంటుంది. కిస్తీ అనేది సభ్యులు సంఘానికి తీర్చే అప్పు. రికవరీ జాబితాలో మూడూ కలిసి ఒక్క అంకెగా వస్తాయి కాబట్టి బాకీ పడినప్పుడు కూడా ఒక్క అంకెగానే చూపించడం గుమస్తాలకు అలవాటు.

నోటీసు చెడిపోయేది మొదట ఇక్కడే. ఓటు పోవడానికి బైలా పెట్టిన షరతు షేర్ బాకీ ఒక్కటే అయితే, పొదుపునూ కిస్తీనీ కలిపిన మొత్తం చూపించి ‘ఇది కట్టకపోతే ఓటు లేదు’ అనడం బైలాలో లేని షరతు పెట్టడమే. కొన్ని సంఘాల బైలాలు అప్పు బాకీని కూడా ఓటుకు అడ్డంకిగా రాసుకున్నాయి. అలా ఉంటే నోటీసులో ఆ మాట విడిగా రావాలి. ఏ బాకీ ఓటును ఆపుతుంది, ఏది ఆపదు అన్నది ఊహించుకునే పని సభ్యుల మీద వదిలేయకూడదు.

ఓటుకూ డబ్బుకూ ఉన్న ముడి

సహకార సంఘం కంపెనీ కాదు. కంపెనీలో వాటాలను బట్టి ఓట్లు. సహకార సంఘంలో ఎంత షేర్ ఉన్నా మనిషికి ఒక్క ఓటే. ఇంగ్లండులోని రాచ్‌డేల్‌లో 1844లో నేత కార్మికులూ ఇతర పనివాళ్లూ కలిసి పెట్టుకున్న దుకాణం నాటి నుంచీ ఇది సహకారోద్యమానికి మూలసూత్రం. రూ. 3,000 షేర్ ఉన్న కొత్త టీచరుదీ, రూ. 36,000 షేర్ నిండిన సీనియర్ హెడ్మాస్టరుదీ ఒకే బరువున్న ఓటు.

అయితే చేతిలో పైసా పెట్టకుండా ఓటు రాదు. సభ్యత్వానికి బైలా చెప్పిన డబ్బు కట్టేవరకూ, చెప్పిన మేరకు వాటా తీసుకునేవరకూ సభ్యుల హక్కులు వాడుకోవడానికి వీల్లేదన్న నియమం సహకార చట్టాల్లో ఉంది. ఒకటికి మించిన రాష్ట్రాల్లో పనిచేసే సంఘాలకు వర్తించే 2002 నాటి బహుళ రాష్ట్ర సహకార సంఘాల చట్టం దీన్ని ఓటు హక్కుతో సహా అని స్పష్టంగా చెబుతుంది. మన రెండు రాష్ట్రాల్లో సంఘం 1964 చట్టం కింద రిజిస్టరై ఉండవచ్చు, లేదా 1995లో వచ్చిన పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద ఉండవచ్చు. జనం మాటల్లో ‘మాక్స్’ అనే ఈ రెండో చట్టం సంఘాలకు ఎక్కువ స్వేచ్ఛ ఇచ్చింది. సభ్యుల బాధ్యతలేమిటో, అవి నెరవేర్చకపోతే ఏ హక్కు ఆగుతుందో చాలావరకు సంఘమే తన బైలాల్లో రాసుకోవాలి.

అంటే నోటీసు రాసే కార్యదర్శి మొదట తెరవాల్సింది లెడ్జర్ కాదు, బైలాల పుస్తకం. అందులో మూడు ప్రశ్నలకు జవాబు వెతకాలి. చేరినప్పుడు కట్టిన కనీస షేర్‌తోనే ఓటు వచ్చేసిందా, లేక ఆ తర్వాతి నెలవారీ షేర్ కూడా క్రమంగా కడుతుంటేనే ఓటు నిలుస్తుందా? ఎన్ని నెలల బాకీ పడితే ఓటు ఆగుతుంది, ఏ తేదీ నాటికి లెక్క? ఆగిన ఓటు బాకీ తీరిస్తే ఆ మహాసభకే తిరిగి వస్తుందా, వచ్చే ఏడాది దాకా ఆగాలా?

మొదటి ప్రశ్నకు ‘కనీస షేర్ చాలు’ అని బైలా చెబితే, నెలవారీ షేర్ బాకీ పేరుతో ఓటు తీసేసే అధికారం పాలకవర్గానికి లేదు. డబ్బు వసూలు చేసుకోవచ్చు, బైలాలో ఉంటే జరిమానా వేయవచ్చు. ఓటు జోలికి మాత్రం పోకూడదు. బైలాలో ఆ నియమం లేనప్పుడు నోటీసులో ఎంత గట్టిగా రాసినా అది నియమం కాదు.

మన ఊహా సంఘం 22వ బైలాలో ఇలా రాసుకుందనుకుందాం: “మార్చి 31 నాటికి మూడు లేక అంతకు మించిన నెలల షేర్ బాకీ ఉన్న సభ్యులకు ఆ తర్వాతి మహాసభలో ఓటు ఉండదు. మహాసభ తేదీకి 15 రోజుల ముందుగా షేర్ బాకీ తీర్చినవారికి ఓటు తిరిగి వస్తుంది.” ఆలస్యమైన ఒక్కో షేర్ కిస్తీకి రూ. 10 జరిమానా అని మరో బైలా.

మొత్తం మారలేదు, ఓటు మారింది

ఇప్పుడు 214వ నంబరు సభ్యురాలి ఖాతా చూద్దాం. ఆవిడకు నవంబరులో వేరే మండలానికి బదిలీ అయింది. బదిలీ అయినవారి వెంట పాత ఆఫీసు నుంచి ఎల్‌పీసీ, అంటే చివరి జీతపు ధ్రువపత్రం వెళుతుంది. జీతంలోంచి ఏయే కోతలు పడుతున్నాయో అందులో రాస్తారు. ఆవిడ ఎల్‌పీసీలో సొసైటీ కోత రాయడం మరిచారు. కొత్త చోట జీతాల బిల్లు పెట్టే డీడీవోకు ఆ సంగతి తెలియదు. డిసెంబరు నుంచి మార్చి దాకా నాలుగు నెలలు కోత పడలేదు. ఏప్రిల్‌లో సంఘం రాసిన ఉత్తరంతో మళ్లీ మొదలైంది.

మధ్యలో ఫిబ్రవరిలో ఆవిడకు అనుమానం వచ్చి సంఘం ఖాతాకు యూపీఐలో రూ. 600 పంపింది. దేనికోసమో రాయలేదు. గుమస్తా అలవాటు ప్రకారం ఆ డబ్బును అప్పు ఖాతాకు జమ కట్టాడు.

మార్చి 31 నాటి లెక్క ఇలా తేలింది. షేర్ నాలుగు నెలలకు రూ. 1,200. పొదుపు రూ. 2,000. అప్పు కిస్తీలు రూ. 8,200లో ఆ 600 పోను రూ. 7,600. జరిమానా రూ. 40. మొత్తం రూ. 10,840. బోర్డు మీద ఆవిడ పేరు పక్కన ఈ ఒక్క అంకే ఎక్కింది. పది వేల పైచిలుకు ఒక్కసారిగా కట్టలేక ఆవిడ ఓటు మీద ఆశ వదులుకుంది.

ఆ 600 దగ్గర కాసేపు ఆగాలి. ఆవిడ కిస్తీ రూ. 2,050. షేర్ రూ. 300. ఆరువందలంటే సరిగ్గా రెండు షేర్ కిస్తీలు. డబ్బు బాకీ ఉన్న మనిషి ఫలానా బాకీకని చెప్పి కడితే, లేదా సందర్భాన్ని బట్టి అది దేనికో తెలుస్తుంటే, తీసుకున్నవారు దానికే జమ కట్టాలని 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 59వ సెక్షన్ చెబుతుంది. ఎవరైనా సరిగ్గా ఒక బాకీకి సరిపడే సొమ్ము పంపితే అది ఆ బాకీకే అనుకోవాలన్న ఉదాహరణ కూడా ఆ సెక్షన్ కిందే ఉంది. చెప్పకుండా, సందర్భమూ తెలియకుండా కట్టినప్పుడు మాత్రమే, 60వ సెక్షన్ ప్రకారం, ఏ బాకీకి జమ కట్టాలన్నది తీసుకున్నవారి ఇష్టం. కాబట్టి ఆ రూ. 600 షేర్‌కే పంపానని ఆవిడ అడగడానికి గట్టి ఆధారం ఉంది.

ఆ డబ్బును షేర్‌కు మార్చి చూడండి. షేర్ బాకీ రూ. 600, అంటే రెండు నెలలు. అప్పు బాకీ రూ. 8,200. పొదుపు, జరిమానా మారవు. మొత్తం అదే రూ. 10,840. సంఘానికి ఒక్క రూపాయి తేడా లేదు. కానీ 22వ బైలా చెప్పిన మూడు నెలల గీతకు ఆవిడ ఇవతలే ఉంది. మార్చి 31 నాటికే ఆవిడ ఓటు భద్రం. ఆ ఓటు కోసం కొత్తగా ఏమీ కట్టనక్కర్లేదు కూడా.

ఒకే అంకెతో వేసిన నోటీసు దాచేసింది ఇదే. ఖాతాలవారీగా వివరం చూసి ఉంటే ‘నేను ఫిబ్రవరిలో పంపింది ఏమైంది?’ అని ఆవిడ అదే రోజు అడిగేది. తప్పును పట్టగలిగేది ఆవిడ ఒక్కతే, ఎందుకంటే ఫోన్‌లో యూపీఐ రసీదు ఉన్నది ఆవిడ దగ్గరే.

సరిచేసిన నోటీసు

ఇదే విషయాన్ని ఆ సంఘం ఇలా రాయవచ్చు:

> తేదీ: జులై 28
> సభ్యత్వ నంబరు 214 గారికి,
>
> విషయం: మార్చి 31 నాటికి మీ షేర్ బాకీ, సెప్టెంబరు 14 మహాసభలో మీ ఓటు
>
> నమస్కారం. మా పుస్తకాల ప్రకారం మీ షేర్ ఖాతాలో నాలుగు నెలల కిస్తీలు జమ కాలేదు: డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి, మార్చి. నెలకు రూ. 300 చొప్పున రూ. 1,200. ఆలస్య జరిమానా రూ. 40.
>
> 22వ బైలా ప్రకారం మార్చి 31 నాటికి మూడు లేక అంతకు మించిన నెలల షేర్ బాకీ ఉన్నవారికి మహాసభలో ఓటు ఉండదు. అందువల్ల ఓటర్ల ముసాయిదా జాబితాలో ప్రస్తుతం మీ పేరు లేదు. ఆ బైలా పూర్తి పాఠం ఈ కాగితం వెనక ఉంది.
>
> ఓటు తిరిగి రావాలంటే: ఆగస్టు 30, శనివారం సాయంత్రం 5 గంటల లోపు షేర్ బాకీ రూ. 1,200 మాకు చేరాలి. జరిమానా బాకీ ఉన్నంత మాత్రాన ఓటు ఆగదు. ఆఫీసులో కట్టి రసీదు తీసుకోవచ్చు. బ్యాంకు ద్వారా గానీ యూపీఐలో గానీ పంపితే ‘షేర్ 214’ అని రాయండి. అలా రాసిన డబ్బును షేర్‌కే జమ కడతాం.
>
> ఈ లెక్క తప్పనిపిస్తే: ఆగస్టు 14 లోపు తెలియజేయండి. పాస్‌బుక్, జీతం స్లిప్, చెల్లింపు రసీదు, వీటిలో ఏది ఉన్నా దాని నకలు ఇవ్వండి. ఆగస్టు 22 లోపు రాతపూర్వకంగా జవాబిస్తాం. జీతంలో కోత పడి, ఆ సొమ్ము సంఘానికి చేరకపోయి ఉంటే జీతం స్లిప్ చూపించండి, ఆ నెలను మీ బాకీగా లెక్కించం.
>
> ఓటర్ల తుది జాబితా సెప్టెంబరు 3న ఆఫీసులో పెడతాం.
>
> ఈ నోటీసు వల్ల మీ సభ్యత్వం రద్దు కాదు. ఇప్పటిదాకా కట్టిన షేర్, పొదుపు మీ పేరునే ఉంటాయి. మీరు మహాసభకు రావచ్చు, మాట్లాడవచ్చు. పొదుపు, అప్పు ఖాతాల వివరం వేరే కాగితంలో జత చేశాం. ఈ మహాసభ ఓటుకు వాటితో సంబంధం లేదు.
>
> కార్యదర్శి
> ఆఫీసు ఫోను, పని వేళలు

పాత నోటీసు కన్నా ఇది చాలా రెట్లు పొడవు. అయినా అర్థం చేసుకోవడం తేలిక, ఎందుకంటే సభ్యులు ఏదీ ఊహించుకోనక్కర్లేదు. ఇందులోని కొన్ని వాక్యాల వెనక ఉన్న కారణాలు చూద్దాం.

‘మా పుస్తకాల ప్రకారం’ అన్న మాట మర్యాద కోసం పెట్టింది కాదు. సంఘం లెక్క తప్పయ్యే అవకాశం ఉందని ఒప్పుకుని, సభ్యుల చేత తనిఖీ చేయించడం దాని ఉద్దేశం. నెలల పేర్లు రాయడమూ అందుకే. ‘నాలుగు నెలల బాకీ’ అంటే ఎవరూ సరిచూసుకోలేరు. ‘జనవరి’ అంటే జనవరి జీతం స్లిప్ తీసి చూస్తారు.

జీతం స్లిప్ వాక్యం ఉద్యోగుల సంఘాల్లో చాలా అవసరం. స్లిప్‌లో కోత పడింది, కానీ డీడీవో ఆఫీసు నుంచి డబ్బు సంఘానికి ఆలస్యంగా వచ్చింది, లేదా వచ్చినా ఎవరి పేరున ఎంతో తెలిపే జాబితా జత కాలేదు. జాబితా లేని డబ్బును గుమస్తా ‘సస్పెన్స్’ ఖాతాలో పడేస్తాడు. సభ్యుల జేబులోంచి డబ్బు పోయింది, పుస్తకంలో మాత్రం బాకీ. ఇలాంటి చోట ఓటు ఆపడం ఇంకొకరి తప్పుకు సభ్యులను శిక్షించడమే. దీన్ని గుర్తుపట్టడం తేలికే. ఒకే బడిలో, ఒకే ఆఫీసులో పనిచేసే నలుగురైదుగురికి ఒకే నెల బాకీ కనిపిస్తే తప్పు మనుషులది కాదు, ఆ నెల జాబితాది. నోటీసులు పంపే ముందే బాకీదారుల పేర్లను పనిచేసే చోటును బట్టి ఒకసారి వరసగా పేర్చి చూస్తే ఇది బయటపడుతుంది.

తేదీలు నాలుగు పెట్టాం: అభ్యంతరానికి ఒకటి, జవాబుకు ఒకటి, చెల్లింపుకు ఒకటి, తుది జాబితాకు ఒకటి. వరస ముఖ్యం. జవాబు తేదీ చెల్లింపు గడువుకు ముందే రావాలి. లెక్క సరైనదేనని ఆగస్టు 22న తెలిసినవారికి డబ్బు సర్దుకోవడానికి ఇంకా వారం ఉంటుంది. చాలా సంఘాల్లో అభ్యంతరాలకూ చెల్లింపుకూ ఒకే గడువు పెడతారు. అప్పుడు లెక్క తప్పని వాదించినవారు ఓడిపోతే కట్టే వీలుండదు. ఆ భయంతో తప్పు లెక్కకు కూడా డబ్బు కట్టేసేవారు ఉంటారు.

‘చేరాలి’ అన్న మాట కూడా ఆలోచించి పెట్టిందే. ‘ఆగస్టు 30 లోపు చెల్లించాలి’ అంటే, ఆ రాత్రి పదకొండింటికి బ్యాంకు ద్వారా పంపి సోమవారం జమ అయిన డబ్బు లెక్కలోకి వస్తుందా రాదా అన్న వాదం వస్తుంది. చివరి రోజు, చివరి గంట, పంపడమా చేరడమా, ఈ మూడూ తేలితే వాదం ఉండదు.

చివరి పేరాలో పోనివి ఏమిటో చెప్పాం. పాత నోటీసు ‘సభ్యత్వం రద్దు’ అంది. సభ్యులను తొలగించడం చిన్న పని కాదు. దానికి కారణం చూపాలి, సభ్యుల వాదన వినాలి, తగిన తీర్మానం జరగాలి. ఓటు ఒక మహాసభకు ఆగడం వేరు, సభ్యత్వం పోవడం వేరు. ఈ రెంటినీ ఒకే వాక్యంలో ముడిపెడితే, వివాదం వచ్చిన రోజున పాలకవర్గం తన బైలా తానే చదవలేదని ఆ కాగితమే చెబుతుంది. ‘మహాసభకు రావచ్చు, మాట్లాడవచ్చు’ అన్న మాట కూడా బైలా చూసుకుని రాయాలి. అన్ని సంఘాల్లో ఒకేలా ఉండదు.

ఎవరికి, ఎలా చేర్చాలి

వివరమైన నోటీసు సభ్యుల చేతికే వెళ్లాలి, బోర్డుకు కాదు. ఎవరికి ఎంత అప్పుందో, ఎన్ని నెలలు కట్టలేదో స్టాఫ్‌రూములో చర్చ కావడం వల్ల వసూళ్లు పెరగవు. మనసులు విరుగుతాయి. బోర్డు మీద ముసాయిదా ఓటర్ల జాబితా, గడువు తేదీలు, ‘మీ పేరు లేకపోతే ఆఫీసును అడగండి’ అన్న వాక్యం చాలు. డబ్బు అంకెలు అక్కడ వద్దు.

వాట్సాప్ గ్రూపులో పెట్టేశాం కదా అనడమూ సరిపోదు. గ్రూపులో లేనివారు, నంబరు మారినవారు, బదిలీ అయినవారు ఉంటారు. బాకీ పడేవారిలో బదిలీ అయినవారే ఎక్కువ ఉండే అవకాశం ఉంది, వారి చిరునామాలే సంఘం దగ్గర పాతబడి ఉంటాయి. ఓటు ఆగే అవకాశం ఉన్నవారికి చేతికిచ్చి సంతకం తీసుకోవడమో, తపాలాలో పంపి రసీదు దాచుకోవడమో చేయాలి. పాత బడి చిరునామాకు వెళ్లి తిరిగొచ్చిన కవరును ‘అందింది’ అని రాసుకోకూడదు. కొత్త చోటు కనుక్కుని మళ్లీ పంపాలి.

పంపే ముందు ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. నోటీసు ముసాయిదాను పాలకవర్గంలో లేని ఇద్దరు సభ్యులకు ఇచ్చి మూడు ప్రశ్నలు వేయండి. ఓటు కోసం ఎంత కట్టాలి? ఎప్పటిలోగా? లెక్క తప్పనుకుంటే ఏం చేయాలి? కాగితం చూసి ఇద్దరూ ఒకే జవాబు చెబితే నోటీసు సిద్ధం. ఎవరైనా ‘బహుశా’ అంటే ఆ వాక్యం తిరగరాయాలి.

నోటీసు చేయలేని పనులు

ఎంత బాగా రాసినా నోటీసు బైలాను మార్చలేదు. మూడు నెలల బాకీ అని బైలాలో ఉంటే ఒక్క నెల బాకీకే ఓటు ఆపుతామని నోటీసులో రాయకూడదు. గడువు తర్వాత కట్టినవారిలో కావలసినవారికి మాత్రం వెసులుబాటు ఇవ్వకూడదు. బైలా మార్చాలంటే మహాసభలో సవరణ జరగాలి, చట్టం చెప్పిన తీరులో అది రిజిస్టర్ కావాలి. 22వ బైలాలాంటి నియమం అసలే లేని సంఘం, ఈ ఏడాదికి వసూలు నోటీసు మాత్రమే ఇచ్చి, ఓటు నియమం కావాలనుకుంటే మహాసభ ముందు సవరణ పెట్టుకోవాలి.

ఎన్నికల ఏడాదిలో ఇంకొకటి చూడాలి. ఒకే నియమం కింద బాకీ ఉన్నవారందరికీ ఒకే రోజున, ఒకే రకం నోటీసు వెళ్లిందా? పాలకవర్గ సభ్యుల బాకీలనూ అదే గీతతో కొలిచారా? సంఘానికి బాకీ పడ్డవారు పాలకవర్గంలో కొనసాగడానికి వీల్లేదన్న నియమాలు సహకార చట్టాల్లోనే ఉన్నాయి. కాబట్టి కార్యదర్శి మొదట తీసి చూడాల్సిన ఖాతాల్లో తన ఖాతా, అధ్యక్షుడి ఖాతా ఉంటాయి. నోటీసులు పంపిన రిజిస్టరులో తేదీ, సభ్యత్వ నంబరు, అందిన రుజువు, వచ్చిన అభ్యంతరం, ఇచ్చిన జవాబు వరసగా ఉంటే పక్షపాతం ఉందో లేదో ఎవరైనా చూసి చెప్పగలరు.

నోటీసు అందుకున్న సభ్యులూ ఊరికే ఉండకూడదు. పాస్‌బుక్ పట్టుకుని వెళ్లి షేర్ ఖాతా నకలు అడగాలి. కట్టే ప్రతిసారీ దేనికోసం కడుతున్నారో రాయాలి. బదిలీ అయితే ఎల్‌పీసీలో సొసైటీ కోత ఉందో లేదో చేతికి తీసుకునేటప్పుడే చూసుకోవాలి. అభ్యంతరం నోటిమాటగా చెప్పి వదలకుండా కాగితం మీద ఇచ్చి, నకలు మీద ఆఫీసు ముద్ర వేయించుకోవాలి.

అప్పటికీ తేలకపోతే వివాదం బయటికి వెళుతుంది. 1964 చట్టం కింది సంఘమైతే 61వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రార్ దగ్గరికి, బహుళ రాష్ట్ర సంఘమైతే ఆ చట్టం చెప్పిన మధ్యవర్తి దగ్గరికి, మాక్స్ సంఘమైతే ఆ చట్టమూ బైలాలూ చూపిన చోటికి. అక్కడ మొదట అడిగేది సంఘం పంపిన నోటీసునే. అందులో నెలలు, అంకెలు, బైలా నంబరు, గడువు, అభ్యంతరానికి ఇచ్చిన జవాబు అన్నీ ఉంటే సంఘం ఆ ఒక్క కాగితం చూపించి తన మాట నిలబెట్టుకోగలదు. ‘తక్షణమే’, ‘లేనియెడల’ తప్ప ఏమీ లేకపోతే, బాకీ నిజమే అయినా ఓటు ఆపిన తీరును సమర్థించుకోవడం సంఘానికి కష్టమవుతుంది.